వ్యాపారులకు సైబర్ బీమా లేఖ రాయడం, 4వ పాఠం: ప్రపోజల్ ఫారంలో ‘ఉంది’ అని రాసే ముందు

పోయిన పాఠంలో సైబర్ పాలసీ ఏయే ఖర్చులు భరిస్తుందో లేఖలో ఎలా చెప్పాలో చూశాం. ఆ లేఖ పంపగానే ఒంగోలులోనైనా, నెల్లూరులోనైనా పాలసీదారుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: “ప్రీమియం కడుతున్నాం కదా, మళ్లీ ఈ రెండంచెల ధ్రువీకరణ, బ్యాకప్ అని షరతులు ఎందుకండీ?” ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు రాయడం గురించి.

సలహాదారుల్లో చాలామంది “బీమా కంపెనీ నిబంధన కాబట్టి తప్పదు” అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. ఆ వాక్యం చదివిన వ్యాపారి ఫారంలో ‘ఉంది’ అని టిక్కు పెట్టి సంతకం చేసి పంపేస్తాడు. ఏది ఉందని సంతకం చేశాడో అతనికే తెలియదు. అన్నిటికంటే ప్రమాదకరమైన ఫలితం ఇదే. అందుకని మన లేఖ షరతుతో మొదలు కాకూడదు. దాడి ఎలా జరుగుతుందో మొదట చెప్పాలి. అది అర్థమైతే షరతులు ఎందుకో చదివేవారికే తెలిసిపోతుంది.

దానికి ఒక ఉదాహరణ తయారు చేసుకుందాం. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసే ఒక యూనిట్, ఒంగోలులో దాని ఆఫీసు. బ్లాకుల కొలతలు, ప్యాకింగ్ లిస్టులు, టాలీ ఖాతాలు అన్నీ ఆఫీసులోని ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. అకౌంటెంటు సాయంత్రాలు ఇంటి నుంచి పని చేసుకునేందుకు వీలుగా, నెట్ కనెక్షన్ పెట్టిన కుర్రాడు రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి వెళ్లాడు. ఆ దారికి 3389 అనే పోర్టు నంబరు ఉంటుంది. ఇలా తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం ఇంటర్నెట్ అంతటా రాత్రింబవళ్లు వెతికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి ఒంగోలు అని చూడవు, గ్రానైట్ అని చూడవు. తెరిచి ఉందా, పాస్‌వర్డ్ దొరుకుతుందా అని మాత్రమే చూస్తాయి. యూనిట్ పేరు, దాని పక్కన 123. ఆ పాస్‌వర్డ్ దొరకడానికి ఎంతోసేపు పట్టదు.

శనివారం రాత్రి లోపలికి వచ్చినవాళ్లు తొందరపడరు. మొదట యాంటీవైరస్ ఆపేస్తారు. తర్వాత బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతారు. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనిపిస్తుంది. దాన్నీ, విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలనూ పనికిరాకుండా చేస్తారు. అసలు ఫైళ్లకు తాళం వేసేది ఆ తర్వాతే. సోమవారం ఉదయం అకౌంటెంటు కంప్యూటర్ తెరిస్తే, డబ్బు చెల్లించమనే నోట్ తప్ప ఇంకేమీ తెరుచుకోదు.

ఈ వరుసను లేఖలో యథాతథంగా రాయండి. ముఖ్యంగా, దొంగ ఏదీ పగలగొట్టలేదన్న సంగతి వదలకండి. లోపలికి వచ్చిన పేరు అకౌంటెంటుది, వాడిన పాస్‌వర్డూ అకౌంటెంటుదే. కంప్యూటర్‌కు సంబంధించినంత వరకు వచ్చినవాడు అకౌంటెంటే. పాస్‌వర్డ్ ఎంత కష్టమైనది పెట్టినా, అది ఎక్కడో దొంగిలించబడితే పరిస్థితి మారదు. రెండో అంచె చేసే పని సరిగ్గా ఇక్కడే ఉంది. పాస్‌వర్డ్ సరిపోయాక అకౌంటెంటు ఫోనులోని అథెంటికేటర్ యాప్ చూపే ఆరంకెల కోడ్ కూడా అడిగి ఉంటే, ఆ రాత్రి దాడి అక్కడితో నిలిచిపోయే అవకాశం చాలా ఎక్కువ.

ఇప్పుడు క్లెయిమ్ సంగతి. యజమాని ఫారంలో రెండంచెల ధ్రువీకరణ ‘ఉంది’ అని రాశాడు. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం అతనికి లేదు. ఆఫీసు ఈమెయిల్‌కు కోడ్ వస్తుంది, బ్యాంకుకు ఓటీపీ వస్తుంది, అదే కదా అనుకున్నాడు. కానీ ఫారంలోని ప్రశ్నను పూర్తిగా చదివితే “బయటి నుంచి ఆఫీసు కంప్యూటర్లలోకి వచ్చే ప్రతి దారికీ, ఈమెయిల్‌కూ, అడ్మిన్ ఖాతాలకూ ఉందా” అనే అర్థం వస్తుంది. బ్యాంకు ఓటీపీ బ్యాంకు పెట్టుకున్న రక్షణ. అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. క్లెయిమ్ వచ్చాక బీమా కంపెనీ పంపే ఫోరెన్సిక్ నిపుణులు రౌటర్ అమరికలూ, విండోస్ లాగిన్ రికార్డులూ చూస్తారు. రిమోట్ డెస్క్‌టాప్‌కు రెండో అంచె లేదన్నది దాగే విషయం కాదు.

ఇది ఊహాజనితమైన భయం కాదని చెప్పేందుకు అమెరికాలోని ఒక కేసును లేఖలో వాడుకోవచ్చు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థపై 2022 మేలో ఇలాగే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. పాలసీ ఇచ్చిన ట్రావెలర్స్ కంపెనీ జూలైలో కోర్టుకెళ్లింది. దరఖాస్తులో ధ్రువీకరణ ఉందని రాశారనీ, నిజానికి ఫైర్‌వాల్‌కు మాత్రమే ఉందనీ, దాడి జరిగిన సర్వర్‌కు లేదనీ దాని వాదన. ఆగస్టులో ఇరుపక్షాలూ పాలసీని మొదటి నుంచీ చెల్లనిదిగా రద్దు చేసుకునేందుకు ఒప్పుకున్నాయి. అంటే ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీయే లేకుండా పోయింది. మన దేశంలోనూ బీమా ఒప్పందానికి పునాది దాపరికం లేని వెల్లడే. ఫారంలోని జవాబు ఒప్పందంలో భాగం. అయితే ప్రతి పాలసీ మాటలూ ఒకేలా ఉండవు. మీ పాలసీదారు పత్రంలో ఇది ప్రకటనగా ఉందా, పాలసీ కాలమంతా పాటించాల్సిన షరతుగా ఉందా అని చదివాకే లేఖ రాయండి.

ఈ భాగాన్ని లేఖలో ఇలా పెట్టవచ్చు:

“మీ ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి గానీ, ఫోను నుంచి గానీ తెరిచేవారు ఎవరెవరు? వారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. టాలీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బాగు చేసేందుకు దూరం నుంచి వచ్చే సర్వీసు మనిషిని కూడా చేర్చండి. ప్రతి పేరు ఎదుట, లోపలికి వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ కాక ఫోనులో ఇంకేదైనా అడుగుతుందో లేదో రాయండి. ఒక్క పేరు ఎదుట ‘లేదు’ ఉన్నా ఫారంలో ‘ఉంది’ అని టిక్కు పెట్టకండి. ముందు మాకు ఫోను చేయండి.”

సర్వీసు మనిషిని ప్రత్యేకంగా ఎందుకు చేర్చానంటే, యజమాని మరిచిపోయే దారి సాధారణంగా అదే.

ఇంత చెప్పాక “ఇక దాడి జరగదు” అని మాత్రం రాయకండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీని సిమ్ మార్పిడి మోసంతో కాజేస్తారు. నకిలీ లాగిన్ పేజీ పెట్టి యాప్ కోడ్‌ను కూడా అప్పటికప్పుడు రాబడతారు. అర్ధరాత్రి పదేపదే అనుమతి అడుగుతుంటే విసుగుతో ‘అవును’ నొక్కేసేవారూ ఉన్నారు. రెండో అంచె ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. బీమా కంపెనీ బ్యాకప్ గురించి అడగడం ఈ కారణంగానే.

పనులు ఆగిపోయిన రోజులకు పరిహారం, డేటా తిరిగి తయారు చేసుకునే ఖర్చు, ఈ రెండూ బ్యాకప్ మీదే ఆధారపడతాయి. దాన్ని లెక్కగా చూపించండి. మన గ్రానైట్ యూనిట్‌లో రోజుకు 60 వోచర్లు ఎక్కుతాయనుకుందాం. తగిలించి ఉన్న డిస్క్ పోయింది. మిగిలింది ఎప్పుడో 45 పని దినాల క్రితం ఆడిటర్ కోసం పెన్ డ్రైవ్‌లో తీసిన కాపీ. అంటే 2,700 వోచర్లు కాగితాలు వెతికి మళ్లీ ఎక్కించాలి. ఇద్దరు కూర్చుని చెరి 150 చొప్పున ఎక్కించినా 9 రోజులు. అదే ప్రతి శనివారం పని అయ్యాక కాపీ తీసి, డిస్క్ ఊడదీసి యజమాని ఇంటికి తీసుకెళ్తే? డిస్క్ ఊడదీసి ఉన్నంతవరకు ఎప్పుడు దాడి జరిగినా పోయేది గరిష్ఠంగా ఆరు రోజుల పని, 360 వోచర్లు. ఒక రోజు దాటి కొంచెం. పైగా చాలా పాలసీల్లో పని ఆగిన మొదటి కొన్ని గంటలకు పరిహారం ఉండదు. ఆ గంటలు పాలసీదారు సొంత నష్టమే కాబట్టి, త్వరగా లేచి నిలబడటం బీమా కంపెనీకి ఎంత అవసరమో వ్యాపారికీ అంతే అవసరం.

ఇందులో కీలకం ఊడదీయడం. సరుకు ఎగుమతి చేసేవారికి మేర్స్క్ పేరు తెలుసు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే హానికర సాఫ్ట్‌వేర్ దాడిలో ఆ నౌకా సంస్థ కంప్యూటర్ వ్యవస్థ ప్రపంచమంతటా కూలిపోయింది. ఉద్యోగుల లాగిన్ వివరాలను నిర్వహించే సర్వర్లు ఒకదానికొకటి కాపీలుగా పనిచేసేవి, అందుకే అన్నీ కలిసే పోయాయి. మిగిలింది ఘానాలోని ఒక్కటే. అక్కడ కరెంటు పోయి అది ఆ సమయానికి నెట్‌వర్క్‌లో లేదు. దాని డేటాను విమానంలో తెప్పించుకుని మిగతావాటిని తిరిగి నిలబెట్టారు. క్లౌడ్‌తో ఎప్పుడూ కలిసిమెలిసి మారుతుండే ఫోల్డరును బ్యాకప్ అనుకునే వారికి ఈ సంగతి చెప్పండి. ఇక్కడ పాడైన ఫైలు అక్కడా పాడవుతుంది. పాత వెర్షన్లు దాచే సదుపాయం ఉండి, అదే పాస్‌వర్డ్‌తో వాటిని చెరపలేని ఏర్పాటు ఉంటే తప్ప దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఫారంలో తరచూ ఇంకో ప్రశ్న ఉంటుంది: బ్యాకప్‌ను తిరిగి తెరిచి చూశారా అని. దీనికి టాలీ వాడేవారికి ఒక చిన్న పద్ధతి లేఖలో ఇవ్వండి. వేరే కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డరు పెట్టి, టాలీప్రైమ్‌లో `Alt+Y` నొక్కి `Restore` ఎంచుకుని, గమ్యంగా ఆ ఖాళీ ఫోల్డరునే చూపాలి. అసలు డేటా ఉన్న ఫోల్డరు చూపితే ఇవాళ్టి ఖాతాల మీద పాత ఖాతాలు వచ్చి పడే ప్రమాదం ఉంది. తెరిచాక చివరి వోచర్ తేదీ చూడాలి. కాపీ తీసిన రోజుదే అయి ఉండాలి. ఆ తేదీకి ట్రయల్ బ్యాలెన్స్ రెండు చోట్లా సరిపోలాలి. చూసిన తేదీ, చూసినవారి పేరు ఒక రిజిస్టరులో రాసి ఉంచితే క్లెయిమ్ రోజున అదే సాక్ష్యం.

దాడి చేసినవాళ్లు ఫైళ్లను ఎత్తుకుపోయి బయటపెడతామని బెదిరిస్తే బ్యాకప్ దాన్ని ఆపలేదని ఒక్క వాక్యంలో చెప్పేయండి. విదేశీ కొనుగోలుదారుకు మీ పేరుతో మెయిల్ పంపి బ్యాంకు ఖాతా నంబరు మార్చే మోసానికీ బ్యాకప్ మందు కాదు. దానికి చాలా పాలసీల్లో వేరే పరిమితి, వేరే షరతులు ఉంటాయి. అది ఆరో పాఠం.

అభ్యాసం: మీ పాలసీదారుల్లో ఒక రైస్ మిల్లునో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌నో ఎంచుకోండి. రోజుకు ఎన్ని వోచర్లు, చివరిసారి ఊడదీసి దాచిన కాపీ ఏ తేదీది, ఎంతమంది తిరిగి ఎక్కించగలరు అని అడిగి తెలుసుకోండి. పైన చేసినట్టు రోజుల లెక్క కట్టి, పేరు లేకుండా, ఒక పేజీ మించని లేఖ రాయండి. ‘నిబంధన’, ‘తప్పనిసరి’ అనే మాటలు అందులో వాడకండి. వచ్చే పాఠంలో దాడి జరిగిన రోజు పాలసీదారు ఏ వరుసలో ఎవరికి చెప్పాలో చూద్దాం. సంఘటన తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 ఆదేశం నుంచి మొదలుపెడతాం.