స్పీడ్ 60 ఎంబీపీఎస్, అయినా కాల్‌లో మాట తెగిపోయేది

మొబైల్ డేటాతో వీడియో కాల్ చేస్తే అవతలివాళ్ల మాట ముక్కలుముక్కలుగా వినిపించేది. స్పీడ్ టెస్ట్ మాత్రం డౌన్‌లోడ్ 60 ఎంబీపీఎస్ అని చూపించేది. కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ చాలు కదా, మరి లోపం ఎక్కడ?

పింగ్ అంటే ఫోన్ పంపిన చిన్న సందేశం సర్వర్‌కు వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. ఆ సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉంటే, ఆ హెచ్చుతగ్గులే జిట్టర్. పింగ్ నిలకడగా 80 మిల్లీసెకన్లు ఉన్నా కాల్ బాగానే నడుస్తుంది. 30, 140, 45 అంటూ ఎగిరిపడితే మాట తెగుతుంది.

వైఫై, వీపీఎన్ ఆపేసి, ఒకే సర్వర్ ఎంచుకుని మళ్లీ కొలిచాను. (యాప్ తనంతట తానే సర్వర్ మార్చేస్తే పాత ఫలితంతో పోల్చడం దండగ.) లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 35. అదే అప్‌లోడ్ పరీక్ష జరిగేటప్పుడు 400 దాటింది! అంటే బయటికి వెళ్లే దారి నిండగానే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, క్యూ కడుతున్నాయి. కాల్ సమయంలో దాన్ని నింపుతున్నది ఏమిటా అని చూస్తే, వెనకాల ఫోటోల బ్యాకప్ నడుస్తోంది. దాన్ని వైఫైలో మాత్రమే జరిగేలా పెట్టాక కాల్ కుదుటపడింది.

సాయంత్రాలు స్పీడ్ 15కి పడిపోవడం మాత్రం అలాగే ఉంది. టవర్ సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల అందరూ పంచుకుంటారు కాబట్టి ఫోన్ సెట్టింగుల్లో దానికి మందు లేదు. కిటికీ దగ్గరికి వెళ్తే సిగ్నల్ మెరుగై కాస్త పెరుగుతుంది, అంతే.