ట్రెటినాయిన్, అడాపలీన్: మొదటి నెల పొట్టు, మంట లేకుండా ఎలా వాడాలి?

తిరుపతిలో డిగ్రీ చదివే మా అక్క కూతురికి మొటిమలకు స్కిన్ డాక్టర్ ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీమ్ రాశారు, రాత్రిపూట ఒక్కసారి పూయమని. హాస్టల్లో పక్క మంచం అమ్మాయిది అడాపలీన్ 0.1 శాతం జెల్. "చిన్నమ్మా, నాది పవర్ తక్కువ కదా, రెండు పూటలా పూస్తున్నా" అంది ఫోన్లో. ఐదో రోజుకు ముక్కు పక్కల తవుడులా పొట్టు లేచింది. నీళ్లు తగిలినా మంటే.

మందు వేరైనప్పుడు అంకెలు పోల్చకూడదు. మొటిమల మీద అడాపలీన్ 0.1 దాదాపు ట్రెటినాయిన్ 0.025 అంత పని చేస్తుంది, మంట మాత్రం తక్కువ. ఒకే మందులోనైతే అంకె పెరిగితే ఘాటు పెరుగుతుంది: అడాపలీన్‌కు పైమెట్టు 0.3, ట్రెటినాయిన్‌కు 0.05, 0.1. ఆ మెట్టు ఎక్కించాల్సింది డాక్టరే.

1. పొట్టు, మంట ఉంటే ముందు మందు ఆపండి. మా పిల్ల నాలుగు రాత్రులు ఆపి, వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే రాసుకుంది. స్క్రబ్ జోలికి వెళ్లొద్దు, లేచిన పొట్టును గిల్లొద్దు.

2. మంట తగ్గాక రాత్రి విడిచి రాత్రి మొదలుపెట్టండి. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద మంట ఎక్కువ.

3. ముందు పలచగా మాయిశ్చరైజర్, తర్వాత మందు, మళ్లీ మాయిశ్చరైజర్. ముఖమంతటికీ బఠాణీ గింజంత మందు చాలు. మొటిమ మీదే చుక్క పెట్టడం చాలామంది చేసే తప్పు. ఇది కొత్త మొటిమ రాకుండా చూసే మందు, అందుకే మొటిమలు వచ్చే చోటంతా పలచగా పూయాలి. కళ్ల చుట్టూ, ముక్కు మూలలు, పెదవుల అంచులు వదిలేయండి.

4. రెండు మూడు వారాలు ఇబ్బంది లేకపోతే రోజూ రాత్రి పూయొచ్చు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. అలిపిరి మెట్లెక్కే రోజైతే టోపీ కూడా.

మొదటి నెలలో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కనిపించొచ్చు, టెన్షన్ పడి ట్యూబ్ పారేయకండి. తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఉగాదికి మొదలుపెట్టి గంగజాతరకల్లా ముఖం తేటపడాలంటే కుదరదు. మా పిల్లకు ఆరో వారంలో పొట్టు పోయింది, మొటిమలు మాత్రం పదో వారంలో గాని తగ్గలేదు.

ముఖం వాచినా, రసి కారినా ఆపేసి డాక్టర్‌కు చూపించండి. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ రెండూ వాడకూడదు. మందుల షాపులో "ఇదీ అదే" అని వేరే ట్యూబ్ చేతిలో పెడితే వెనక పేర్లు చదవండి. ట్రెటినాయిన్ పక్కన మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్ కలిపిన క్రీమ్, మొటిమలకు కాదు. వెంటనే తిరిగిచ్చేయండి.