ఫొటోలోని సమీకరణానికి బొమ్మ గీసే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలు బోర్డు మీది లెక్కను ఫోన్లో ఫొటో తీసుకుని, రాత్రి హాస్టల్లో చేస్తుంటారు. పెన్ను పట్టే ముందు ఇవి చూసుకోండి.

- ఫొటోను పెద్దది చేసి y² ముందున్న గుర్తు చూడండి. సుద్ద చెదిరితే మైనస్ ప్లస్‌లా కనబడుతుంది, అతిపరావలయం కాస్తా దీర్ఘవృత్తం అయిపోతుంది. xy పదం లేనప్పుడు x², y² గుణకాల గుర్తులు వేరైతే అతిపరావలయం, ఒకటే అయితే దీర్ఘవృత్తం (గుణకాలు సమానమైతే వృత్తం), రెండింటిలో ఒక్కటే ఉంటే పరావలయం.

- సమీకరణాన్ని చేత్తో తిరగరాసి వర్గాలు పూర్తి చేయండి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

`9x² − 16y² − 18x − 64y − 199 = 0`

`9(x − 1)² − 16(y + 2)² = 199 + 9 − 64 = 144`

y బ్రాకెట్లో 4 కలిపితే బయట −16 ఉంది కాబట్టి కుడివైపు 64 తీసేయాలి. కలిపేస్తే 272 వస్తుంది. గుర్తును ప్లస్‌గా చదివినా అదే 272! అది కనబడితే ఫొటో, లెక్క రెండూ మళ్లీ చూడండి.

- 144తో భాగిస్తే a = 4, b = 3. కేంద్రం (1, −2). ఇక్కడ c² = a² + b², కాబట్టి c = 5; నాభులు (6, −2), (−4, −2). దీర్ఘవృత్తానికైతే తీసివేత.

- వక్రం కంటే ముందు x −3 నుంచి 5 దాకా, y −5 నుంచి 1 దాకా పెన్సిల్‌తో దీర్ఘచతురస్రం గీయండి. దాని కర్ణాలను పొడిగిస్తే అనంతస్పర్శరేఖలు. కొమ్మలు (5, −2), (−3, −2) దగ్గర మొదలై వాటికి దగ్గరవుతూ పోవాలి, తాకకూడదు.