వృత్తలేఖినితో ఒక కృష్ణబిలాన్ని గీసి, దాని అంచున కాంతికి ఏమవుతుందో లెక్క కట్టడం ఎలా?

కళింగపట్నం ఇసుకలో కూర్చుని ఒక రాత్రి మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, కృష్ణబిలంలోంచి వెలుగే బయటికి రాదంటారు కదా. మరి దానికి ఫొటో ఎలా తీశారు?" నోటిమాటతో చెప్పబోయాను. పది నిమిషాల్లో ఇద్దరం చిక్కుపడ్డాం. మర్నాడు శ్రీకాకుళంలో ఇంటి వసారాలో కాగితం మీద గీశాక గానీ సంగతి తేలలేదు. ఆ పద్ధతే ఇది. ఒక తెల్లకాగితం, స్కేలు, వృత్తలేఖిని, వర్గమూలం తీయగల ఫోను కాలిక్యులేటర్ ఉంటే సరిపోతుంది.

1. ముందు అది ఎక్కడుందో చూడండి

మనం గీయబోయేది మన పాలపుంత నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం. దాని పేరు సాజిటేరియస్ ఎ-స్టార్. జూన్ మధ్యలో అర్ధరాత్రికి, జూలై మధ్యలో రాత్రి పదింటికి అది మన జిల్లా నుంచి చూస్తే సరిగ్గా దక్షిణాన, నేలకూ నడినెత్తికీ దాదాపు మధ్య ఎత్తులో ఉంటుంది. వృశ్చికం తోక కొసన మూలా నక్షత్రాన్ని పట్టుకోండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు కంటే కాస్త తక్కువ దూరం పైకి, కొద్దిగా ఎడమకు జరగండి. అదే చోటు. ఆ నెలల్లో మన ఆకాశం మబ్బులది కాబట్టి, ఓపిక ఉంటే మే నెల మధ్యలో రాత్రి రెండింటికి లేవడం మేలు.

అక్కడ మీకు ఏమీ కనిపించదు. కంటికి కనిపించే వెలుగును దారిలోని ధూళి మింగేస్తుంది. పరారుణ కిరణాలు, రేడియో తరంగాలు మాత్రం ఆ ధూళిని దాటి వస్తాయి.

2. బరువు నుంచి సైజు రాబట్టండి

కృష్ణబిలం అంటే గొయ్యి కాదు, నల్లటి బంతి కూడా కాదు. తట్టి చూడటానికి దానికి ఉపరితలమే లేదు. కొంత ద్రవ్యం మరీ చిన్న చోట కుదించుకుపోయినప్పుడు దాని చుట్టూ ఒక హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దు లోపలి నుంచి ఏ దారీ బయటికి రాదు. దానినే ఘటనా దిగంతం అంటారు. ఆ హద్దు ఎంత దూరాన ఉంటుందో చెప్పే లెక్క 1916లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ పరిష్కారం నుంచి వచ్చింది. దాన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక సూర్యుడంత ద్రవ్యానికి సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధం. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే 2.95. ద్రవ్యం రెట్టింపైతే వ్యాసార్ధమూ రెట్టింపవుతుంది. మన భూమిని ఇలా కుదించాలంటే పిల్లలు ఆడే గోళీ కంటే కొంచెమే పెద్దగా నొక్కాలి.

పాలపుంత నడిమిదాని ద్రవ్యం సుమారు 43 లక్షల సూర్యులంత. దాని చుట్టూ 16 ఏళ్లకోసారి తిరిగే ఎస్2 అనే నక్షత్రం వంటి వాటిని ఏళ్ల తరబడి వెంబడించి రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందాలు ఈ తూకం వేశాయి. వారిద్దరికీ 2020 నోబెల్ అందుకే వచ్చింది. ఇప్పుడు గుణించండి: 43 లక్షలు × 2.95 = సుమారు 1 కోటి 27 లక్షల కిలోమీటర్లు. సూర్యుడికీ బుధుడికీ మధ్య దూరంలో ఇది నాలుగో వంతైనా లేదు.

కాగితం మధ్యలో 1 సెంటీమీటరు వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఇక నుంచి మన కాగితంపై 1 సెం.మీ. అంటే 1.27 కోట్ల కిలోమీటర్లు. కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్లు అన్నదాన్ని n అందాం.

3. వరదలో పడవను ఎక్కించండి

ఆ వృత్తం దగ్గర వెలుగు ఎందుకు చిక్కుకుంటుందో తెలియాలంటే వానాకాలంలో నాగావళి వంతెన మీద కాసేపు నిలబడాలి. ఎదురీదుతున్న పడవ ఒకటి ఉందనుకోండి. నీటితో పోలిస్తే దాని వేగం ఎప్పుడూ ఒకటే. నీరు నెమ్మదిగా ఉన్న చోట ముందుకు సాగుతుంది. ప్రవాహం పడవ వేగాన్ని అందుకున్న చోట తెడ్డు ఎంత వేసినా ఉన్న చోటే ఉంటుంది. ప్రవాహం ఇంకా పెరిగితే ముఖం పైకే ఉన్నా పడవ కిందికే పోతుంది.

కృష్ణబిలం చుట్టూ స్థలమే నీరులా లోపలికి పారుతోందని అనుకోవచ్చు. ఇది కేవలం కవితాత్మకమైన పోలిక కాదు. బిలంలోకి స్వేచ్ఛగా పడిపోతున్నవాడి గడియారంతో లెక్క రాసుకుంటే సమీకరణాలు సరిగ్గా ఇలాగే వస్తాయి. బయటివైపు గురిపెట్టిన కాంతికి మిగిలే వేగం, కాంతివేగంలో భాగంగా:

1 − √(1/n)

4 సెం.మీ. దగ్గర n = 4 కాబట్టి సగం వేగం మిగులుతుంది. 2 దగ్గర 0.29. వృత్తం గీత మీద, అంటే n = 1 దగ్గర, సున్నా. అక్కడి నుంచి బయటికి వదిలిన కిరణం అలసిపోయి వెనక్కి పడిపోదు. ఎదురీదే పడవలా అక్కడే నిలిచిపోతుంది. గీత లోపల జవాబు రుణసంఖ్య అవుతుంది, అంటే బయటికి చూపిన టార్చి వెలుగు కూడా లోపలికే పోతుంది. ఇంత జరిగినా, ఆ చోట పడిపోతున్నవాడు తన పక్కనుంచి వెళ్లే కాంతిని కొలిస్తే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లే వస్తుంది. నీటితో పోలిస్తే పడవ వేగం మారనట్టే.

4. దీపాన్ని వేలాడదీసి రంగు చూడండి

ఇప్పుడు పాతకాలపు పసుపు వీధిదీపాన్ని, అంటే సోడియం దీపాన్ని, పడిపోకుండా ఒక్కో దూరంలో వేలాడదీద్దాం. దాని వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. బయటికి ఎక్కి వచ్చేసరికి ఆ తరంగం సాగిపోతుంది. ఎన్ని రెట్లు సాగుతుందంటే:

1 ÷ √(1 − 1/n)

n = 4 పెడితే 1.155 వస్తుంది. 589ని దానితో గుణిస్తే 680, అంటే పసుపు దీపం దూరాన ఉన్న మనకు ఎర్రగా కనిపిస్తుంది. n = 2 దగ్గర 1.414 రెట్లు, 833 నానోమీటర్లు. అది పరారుణం, కంటికి ఆనదు. గమనించారా, దీపం గీతకు ఇంకా ఒక పూర్తి సెంటీమీటరు దూరంలో ఉండగానే మన కంటికి ఆరిపోయింది. n = 1.01 దగ్గర పది రెట్లు. n = 1.0001 దగ్గర వంద రెట్లు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, 1 లోంచి 1/n తీసేయకముందే వర్గమూలం నొక్కేయడం. దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, n = 1.1 పెట్టి చూడండి. 3.3 రావాలి. 20 దాటితే వర్గమూలం ముందే నొక్కేశారన్నమాట.

n = 1 పెడితే కాలిక్యులేటర్ మొరాయిస్తుంది, సున్నాతో భాగించమన్నాం మరి. ఈ సున్నాను చూసి భౌతిక శాస్త్రవేత్తలే దశాబ్దాల పాటు ఆ గీత దగ్గర ప్రకృతి తెగిపోతుందేమోనని తడబడ్డారు. అక్కడ తెగేదేమీ లేదని, అది లోపలికి మాత్రమే దాటనిచ్చే తెర వంటిదని 1958లో డేవిడ్ ఫింకెల్‌స్టైన్ స్పష్టం చేశారు. మన సూత్రం విఫలమైంది దీపాన్ని "వేలాడదీయడం" వల్ల. గీత మీద దేన్నీ వేలాడదీయలేం, అంతే.

5. తాడు కోసేయండి

దీపాన్ని వదిలేద్దాం. బయట ఉన్నవాడికి అది గీత దగ్గర ఎప్పటికీ గడ్డకట్టినట్టు నిలిచి కనిపిస్తుందని తరచూ రాస్తుంటారు. సగమే నిజం. అది గీత దాటడం మనం ఎప్పటికీ చూడలేం, కానీ నిలిచి వెలుగుతూ కూడా ఉండదు. ఆఖరి దశలో దాని తరంగదైర్ఘ్యం ఒక నిర్ణీత కాలానికోసారి రెట్టింపవుతూ పోతుంది. ఆ కాలం ఎంతో మన వృత్తమే చెబుతుంది. 1.27 కోట్ల కిలోమీటర్లను 3 లక్షలతో భాగిస్తే 42 సెకన్లు. దాన్ని 1.39తో గుణిస్తే 59 సెకన్లు. అంటే నిమిషానికోసారి రెట్టింపు! పది నిమిషాల్లో వెయ్యి రెట్లు. వెలుగు తీవ్రత అంతకంటే వేగంగా పడిపోతుంది. గంట గడిచేసరికి ఏ దూరదర్శినికీ అందదు. పది సూర్యుళ్ల బరువున్న చిన్న కృష్ణబిలమైతే ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగిసిపోతుంది.

దీపం వైపు కథ వేరు. గీత దాటిన క్షణాన దానికి ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. బిలం ఇంత పెద్దది కాబట్టి ఒక మనిషి దాటినా తలకూ కాళ్లకూ మధ్య లాగుడు తేడా అతనికి తెలియనంత తక్కువ. ఆ తర్వాత చాలా దూరం నుంచి పడుతూ వచ్చినవాడికి కేంద్రం చేరడానికి 28 సెకన్లు పడుతుంది.

6. పక్కగా వెళ్లే కాంతిని గీయండి: ఫొటో ఇక్కడే ఉంది

మేనల్లుడి ప్రశ్నకు జవాబు ఇప్పుడు. అదే కేంద్రం నుంచి 1.5 సెం.మీ.తో ఇంకో వృత్తం చుక్కలతో గీయండి. ఈ దూరంలో పక్కకు వదిలిన కాంతి బిలం చుట్టూ గుండ్రంగా తిరగగలదు. కానీ అది కత్తి అంచు మీద నడక. వెంట్రుకవాసి లోపలికి జరిగితే మునుగుతుంది, బయటికి జరిగితే తప్పించుకుంటుంది.

తర్వాత కాగితం కుడి అంచు నుంచి వచ్చే కిరణాలను తీసుకోండి. కేంద్రానికి 2.6 సెం.మీ. పక్కకు గురిపెట్టిన కిరణం లోపలికి వంగి, ఆ చుక్కల వృత్తాన్ని తాకుతూ చుట్లు తిరుగుతుంది. అంతకంటే దగ్గరగా గురిపెట్టినవన్నీ మింగుడుపడతాయి. కిరణాల దారిని తిప్పి చూస్తే, దూరాన ఉన్న మనకు చీకటిగా కనిపించే పళ్లెం వ్యాసార్ధం 1 సెం.మీ. కాదు, 2.6. దాన్ని కృష్ణబిలం నీడ అంటారు. చుట్టూ తిరుగుతున్న వేడి వాయువుల వెలుగు ఆ నీడ అంచున ఉంగరంలా పేరుకుంటుంది. శాస్త్రవేత్తలు తీసినది ఈ ఉంగరాన్ని, నల్లదాన్ని కాదు.

మన లెక్క సరిపోయిందో లేదో చూడాలి. నీడ వ్యాసం 5.2 × 1.27 కోట్లు = సుమారు 6.6 కోట్ల కిలోమీటర్లు. దూరం సుమారు 27,000 కాంతి సంవత్సరాలు. కాంతి సంవత్సరానికి 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు వేసి భాగించి కోణంగా మారిస్తే దాదాపు 53 మైక్రో ఆర్క్‌సెకన్లు వస్తుంది. చంద్రుడి మీద పెట్టిన ఒక గారెను శ్రీకాకుళం నుంచి చూసినంత కోణం అది. పోలికకు చిల్లు కూడా కలిసొచ్చింది. భూగోళం అంతటా ఉన్న రేడియో దూరదర్శినులను కలిపి ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం 2022 మే 12న విడుదల చేసిన చిత్రంలో ఉంగరం వ్యాసం సుమారు 52.

బిలం తన చుట్టూ తాను తిరగదనుకుని మనం గీశాం. తిరిగితే నీడ కాస్త పక్కకు జరుగుతుంది, కొద్దిగా నొక్కుకుపోతుంది. పరిమాణం మాత్రం పెద్దగా మారదు. అందుకే ఆ కాగితాన్ని మావాడు చింపేయలేదు, చిత్రం పక్కన పెట్టి గోడకు అంటించాడు.