లోలకం లెక్క మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

☐ ‘గోళం బరువు రెట్టింపైతే ఆవర్తన కాలం ఎంత?’ అని అడిగితే వెంటనే 2తో గుణించకండి. లాగే బలం రెట్టింపైనా, కదిలించాల్సిన ద్రవ్యరాశీ రెట్టింపే. అందుకే T = 2π√(L/g)లో m కనిపించదు.

☐ గోళం సైజు మారిందా? అసలు పొరపాటు ఇక్కడే. L అంటే దారం ఒక్కటే కాదు, గోళం కేంద్రం వరకు ఉన్న పొడవు. 98 సెం.మీ. దారానికి 1 సెం.మీ. వ్యాసార్ధమున్న గోళం కడితే L = 99 సెం.మీ., కాలం సుమారు 2.00 సెకన్లు. అదే దారానికి 3 సెం.మీ. వ్యాసార్ధమున్న బరువైన గోళం కడితే L = 101 సెం.మీ., కాలం 2.02 సెకన్లు. చాలామంది ఈ తేడాను బరువు ఖాతాలో వేసేస్తారు. పెరిగింది పొడవు. దారాన్ని 96 సెం.మీ.కి తగ్గించండి, మళ్లీ 2.00 వస్తుంది.

☐ ఊపు చిన్నదేనా, చూసుకోండి.