ఆల్కీన్ నుంచి ఆల్కహాల్ – 5వ పాఠం: నీరు ఒకచోట, బోరాన్ ఇంకోచోట

గత పాఠంలో ఆమ్ల సమక్షంలో ఆల్కీన్‌కి నీరు ఎలా కలుస్తుందో చూశాం. ఇప్పుడు అదే ఆల్కీన్‌ని హైడ్రోబోరేషన్-ఆక్సిడేషన్‌కి కూడా గురిచేసి, వచ్చే ఆల్కహాల్స్‌ని పక్కపక్కన పెట్టి చూద్దాం. చాలామంది ప్రొపీన్‌తో మొదలుపెడతారు కానీ, అందులో OH ఎక్కడ చేరిందో తెలుస్తుందే తప్ప ఏ వైపు నుంచి చేరిందో తెలియదు. అందుకే 1-మిథైల్‌సైక్లోహెక్సీన్ తీసుకుందాం. నోట్‌బుక్‌లో ఆరు కార్బన్ల వలయం పెద్దగా గీయండి. C1, C2 మధ్య ద్విబంధం, C1 మీద మిథైల్. C2 మీద ఒక H ఉంది, దాన్ని కూడా గీయండి. తర్వాత పనికొస్తుంది.

ముందు ఆమ్లం దారి. సజల H₂SO₄ ఇచ్చే ప్రోటాన్ C2కి అతుక్కుంటుంది. ధనావేశం C1 మీద మిగులుతుంది. అది టెర్షియరీ కార్బోకాటయాన్ కాబట్టి స్థిరం. నీరు వచ్చి అక్కడే చేరుతుంది, అదనపు ప్రోటాన్ పోతుంది, 1-మిథైల్‌సైక్లోహెక్సనాల్ వస్తుంది. మార్కొనికాఫ్ సూత్రం చెప్పేది ఇదే.

మరి స్టీరియోకెమిస్ట్రీ? ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. C1 మీద OH, CH₃, వలయం రెండు వైపులా ఉన్నాయి. ఆ రెండు వైపులూ అచ్చంగా ఒకటే. కాబట్టి అది కైరల్ కేంద్రం కాదు. పరీక్షలో దీనికి సిస్, ట్రాన్స్ అని రాస్తే మార్కులు పోతాయి.

ఇక రెండో దారి. THFలో ఉన్న BH₃ ని కలుపుతాం. 1956లో హెచ్.సి. బ్రౌన్ బృందం వెలికితీసిన చర్య ఇది, 1979లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా తెచ్చింది. బోరాన్‌కి ఎలక్ట్రాన్లు తక్కువ. ఎలక్ట్రాన్లను వెతుక్కునేది ఇక్కడ బోరానే, H కాదు. అది రద్దీ తక్కువగా ఉన్న C2 మీదికి వెళ్తుంది. అదే క్షణంలో దాని H, C1 మీదికి చేరుతుంది. బంధాలు ఏర్పడేటప్పుడు కాస్త ధనావేశం C1 మీదే పడుతుంది, మళ్లీ అది టెర్షియరీ స్థానమే. అంటే రెండు చర్యల్లోనూ తర్కం ఒకటే: ఎలక్ట్రాన్లు కోరేది C2కి, ధనావేశం C1కి. ఆమ్లంలో C2కి వెళ్లింది H⁺, ఇక్కడ వెళ్లింది బోరాన్. ‘యాంటీ-మార్కొనికాఫ్’ అన్న పేరు విని ఇది సూత్రాన్ని ధిక్కరించే చర్య అనుకోనక్కర్లేదు.

తర్వాత H₂O₂, NaOH కలుపుతాం. హైడ్రోపెరాక్సైడ్ అయాన్ బోరాన్‌కి అతుక్కుంటుంది. ఆపైన C2 బోరాన్‌ని వదిలి పక్కనున్న ఆక్సిజన్ మీదికి జరుగుతుంది. జరిగేటప్పుడు తన ఆకృతిని మార్చుకోదు. కాబట్టి బోరాన్ ఏ ముఖం మీద ఉందో OH కూడా ఆ ముఖం మీదే ఉంటుంది.

అందరూ తికమకపడేది ఇక్కడే. H, OH రెండూ ఒకే వైపు నుంచి చేరాయి, అంటే సిన్ సంకలనం. కానీ ఉత్పన్నం పేరులో ‘ట్రాన్స్’ ఉంటుంది. బొమ్మలో చూడండి. కొత్త H ని C1 మీద, OH ని C2 మీద, రెండింటినీ పైకి గీయండి. C1 మీద పైన H ఉంటే మిథైల్ ఎక్కడికి పోవాలి? కిందికి. అలాగే C2 మీద మీరు మొదట గీసిన H కూడా కిందికి పోతుంది. OH పైన, CH₃ కింద. కాబట్టి ట్రాన్స్-2-మిథైల్‌సైక్లోహెక్సనాల్. ‘సిన్’ అనేది కొత్తగా చేరిన రెండింటి గురించి, ‘ట్రాన్స్’ అనేది OH, CH₃ ల గురించి. అయితే బోరేన్ కింది ముఖం నుంచి కూడా అంతే సులభంగా రావచ్చు కాబట్టి (1R,2R), (1S,2S) రెండూ సగం సగం వస్తాయి, అంటే రెసిమిక్ మిశ్రమం.

ల్యాబ్‌లో ఏది వచ్చిందో లూకాస్ కారకంతో తెలుసుకోవచ్చు. టెర్షియరీ ఆల్కహాల్ అయితే ద్రావణం వెంటనే తెల్లగా మసకబారుతుంది. సెకండరీ అయితే కొన్ని నిమిషాలు ఆగాలి.

ఇంకో తేడా ఉంది, పరీక్షల్లో తరచూ అడుగుతారు. 3-మిథైల్-1-బ్యూటీన్‌కి ఆమ్లంతో నీటిని కలిపితే, సెకండరీ కార్బోకాటయాన్‌లో పక్క కార్బన్ మీది హైడ్రైడ్ జరిగి టెర్షియరీగా మారుతుంది, ప్రధానంగా 2-మిథైల్-2-బ్యూటనాల్ వస్తుంది. హైడ్రోబోరేషన్‌లో కార్బోకాటయాన్ ఏర్పడదు కాబట్టి ఆ జరుగుడు ఉండదు, 3-మిథైల్-1-బ్యూటనాల్ వస్తుంది.

అభ్యాసం: 1,2-డైమిథైల్‌సైక్లోహెక్సీన్‌తో రెండు చర్యలూ రాయండి. OH ఏ కార్బన్ మీద పడ్డా ఒకటే కాబట్టి ఇక తేడా అంతా ముఖాల్లోనే. ఒక దారిలో నాలుగు స్టీరియోఐసోమర్లు, ఇంకో దారిలో రెండే వస్తాయి. ఏది ఏదో, ఎందుకో బొమ్మలు గీసి చూడండి. జవాబు 6వ పాఠం మొదట్లో ఉంటుంది.