ఆర్డ్యూనో ఊనోతో 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం: ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

ఊనో ఆర్3 బోర్డులో అంకెలను వోల్టేజిగా మార్చే డ్యాక్ లేదు. అందువల్ల సైన్ విలువలను ముందే లెక్కగట్టి 256 గడుల పట్టికలో ఉంచుకుని, వాటిని వరుసగా పీడబ్ల్యూఎం డ్యూటీ సైకిల్‌కు అందించి, 11వ పిన్ నుంచి వచ్చే పల్స్‌లను లో-పాస్ ఫిల్టర్‌తో నునుపు చేయడమే ఇక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. ఈ వ్యాసంలో 1 కిలోహెర్ట్జ్ తరంగాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. సరిగా పనిచేసే అమరిక ఇది:

```
pinMode(11, OUTPUT);
TCCR2A = _BV(COM2A1) | _BV(WGM21) | _BV(WGM20);
TCCR2B = _BV(CS20);
TIMSK2 = _BV(TOIE2);

ISR(TIMER2_OVF_vect) {
  phase += 68719477UL;
  OCR2A = table[phase >> 24];
}
```

16 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను 256తో భాగిస్తే పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ 62,500 హెర్ట్జ్ అవుతుంది. ప్రతి పల్స్‌కు ఒకసారి, అంటే 16 మైక్రోసెకన్లకు ఒకసారి, పట్టిక నుంచి కొత్త విలువ వస్తుంది. `phase` 32 బిట్ల సంఖ్య. అందులోని పై 8 బిట్లు పట్టికలో గడి సంఖ్యను సూచిస్తాయి. కావలసిన ఫ్రీక్వెన్సీని 2³²తో గుణించి 62,500తో భాగిస్తే ప్రతిసారీ కలపవలసిన సంఖ్య వస్తుంది. 1000 హెర్ట్జ్‌కు అది 68719477.

సమస్య: సైన్ తరంగం బదులు చతురస్ర పల్స్‌లే కనిపిస్తున్నాయి, ఫ్రీక్వెన్సీ కూడా 7.8 హెర్ట్జ్ మాత్రమే ఉంది

ఈ స్థితిలో చాలామంది ముందుగా ఫిల్టర్‌ను అనుమానిస్తారు. నేను కూడా ఒక సాయంత్రమంతా కెపాసిటర్లు మారుస్తూ కూర్చున్నాను. నిజానికి ఆచూకీ ఫ్రీక్వెన్సీలోనే ఉంది. 1000ను 7.8తో భాగిస్తే 128 వస్తుంది, అది ఈ టైమర్ ప్రీస్కేలర్ విలువల్లో ఒకటి.

స్కెచ్ మొదలవక ముందే ఆర్డ్యూనో లైబ్రరీ టైమర్ 2ను `analogWrite` కోసం సిద్ధం చేసి, `TCCR2B`లో `CS22` బిట్‌ను 1 చేసి ఉంచుతుంది. దాని అర్థం క్లాక్‌ను 64తో భాగించమని. మనం `TCCR2B |= _BV(CS20)` అని రాస్తే ఆ పాత బిట్ చెరిగిపోదు, రెండూ కలిసి 128తో భాగించమనే ఆదేశంగా మారతాయి. అప్పుడు పీడబ్ల్యూఎం 488 హెర్ట్జ్‌కు పడిపోతుంది, దానితోపాటు సైన్ తరంగం 7.8 హెర్ట్జ్‌కు దిగుతుంది. 4 కిలోహెర్ట్జ్ కటాఫ్ ఉన్న ఫిల్టర్ 488 హెర్ట్జ్ పల్స్‌లను దాదాపు యథాతథంగా వదిలేస్తుంది కాబట్టి తెర మీద వెడల్పు మారుతున్న చతురస్రాలే కనిపిస్తాయి. పై కోడ్‌లో ఉన్నట్టు `=` గుర్తుతో రిజిస్టర్‌కు పూర్తి విలువను ఇస్తే సరిపోతుంది.

ఫ్రీక్వెన్సీ తగ్గినా ఆ నిష్పత్తి 128 వంటి శుభ్రమైన సంఖ్య కాకపోతే, ఇంటరప్ట్‌లో పని ఎక్కువైందేమో చూడాలి. అక్కడ మనకు దొరికేది 256 క్లాక్ సైకిళ్లు మాత్రమే. పట్టిక లేకుండా అక్కడే `sin()` పిలిస్తే ఆ గడువు ఎన్నో రెట్లు దాటిపోతుంది, మధ్యలో రావలసిన ఇంటరప్ట్‌లు కొన్ని తప్పిపోతాయి.

సమస్య: తరంగం ఆకారం బాగానే ఉంది కానీ గీత లావుగా, నూగుగా కనిపిస్తోంది

దీనికి కారణం నిజంగా ఫిల్టరే. 3.9 కిలోఓమ్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్‌తో ఒకే అంచె కడితే కటాఫ్ సుమారు 4.1 కిలోహెర్ట్జ్ అవుతుంది. డ్యూటీ సైకిల్ సగం ఉన్నచోట మిగిలిపోయే అలజడిని, సరఫరా వోల్టేజిని 4×f×R×Cతో భాగించి అంచనా వేయవచ్చు. f 62,500 హెర్ట్జ్ అయితే 5 వోల్టులకు అది దాదాపు అర వోల్టు, అంటే గీత లావుగా కనిపించక తప్పదు.

కటాఫ్‌ను ఇంకా కిందికి దించడం సులువైన దారిలా అనిపిస్తుంది కానీ అది మనకు కావలసిన 1 కిలోహెర్ట్జ్‌నే తినేస్తుంది. దానికంటే రెండో అంచె చేర్చడం మేలు. 39 కిలోఓమ్, 1 నానోఫారడ్ తీసుకుంటే కటాఫ్ అదే ఉంటుంది. రెసిస్టర్ పదింతలు పెద్దది కాబట్టి మొదటి అంచెను పెద్దగా లాగదు. అలజడి సుమారు 26 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. 8 బిట్ల పట్టికలో ఒక మెట్టు ఎలాగూ 19.5 మిల్లీవోల్టులు కాబట్టి ఇంతకంటే శుభ్రం చేయడానికి శ్రమపడి లాభం తక్కువ. సైన్ తరంగం మాత్రం దాదాపు 7 శాతమే తగ్గి, శిఖరం నుంచి లోయ వరకు 4.7 వోల్టుల దగ్గర నిలుస్తుంది.

సమస్య: శిఖరం మీద అప్పుడప్పుడూ ఒక గంటు పడుతోంది

అప్పుడప్పుడూ వచ్చే తప్పు కాబట్టి దీన్ని వదులు తీగగా పొరబడటం సహజం. పట్టికను `128 + 128 * sin(...)` అని తయారుచేశారేమో చూడండి. 64వ గడిలో ఆ లెక్క 256 ఇస్తుంది, 8 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 255. పైబిట్ రాలిపోయి అక్కడ సాధారణంగా 0 మిగులుతుంది, సరిగ్గా శిఖరం ఉండవలసిన చోట వోల్టేజి నేలకు దూకుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతి అడుగూ సుమారు 4 గడులు దాటుతుంది కనుక ఆ చెడ్డ గడి మీద ప్రతి ఆవర్తనంలోనూ కాలు పడదు; అందుకే తప్పు వచ్చి పోతున్నట్టుగా ఉంటుంది.

నిర్ధారించుకోవడానికి కలిపే సంఖ్యను 3435974కు మార్చి ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ చేయండి. అప్పుడు ఏ గడినీ దాటవేయడం జరగదు, గంటు ప్రతి శిఖరం మీదా కనిపించి తీరుతుంది. వదులు తీగైతే ఇంత క్రమంగా ప్రవర్తించదు. పరిష్కారం: `127.5 + 127.5 * sin(2 * PI * i / 256)` లెక్కను `round`తో పూర్ణాంకం చేసి పట్టికలో పెట్టడం. భాగహారంలో 255 కాక 256 ఉండాలి. లేకపోతే చివరి గడి మొదటి గడికి నకలై, ప్రతి ఆవర్తనంలో తరంగం ఒక్క అడుగు ఆగి నడుస్తుంది.

సమస్య: ఆసిలోస్కోప్‌లో బాగున్న తరంగం తర్వాతి సర్క్యూట్‌కు కలపగానే కుంగిపోతోంది

రెండంచెల ఫిల్టర్ తరంగానికి దారిలో 43 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ పెడుతుంది. దానికి 10 కిలోఓమ్ భారం తగిలిస్తే వోల్టేజిలో అయిదో వంతు కూడా మిగలదు. మధ్యలో ఆప్-ఆంప్‌ను వోల్టేజ్ ఫాలోయర్‌గా పెట్టాలి.

ఇక్కడ చేతికందిన ఎల్‌ఎం358ను 5 వోల్టుల మీదే నడిపితే కుంగడం పోయి, పై భాగం కత్తిరించినట్టు చదునవుతుంది. ఆ చిప్ అవుట్‌పుట్ సరఫరాకు సుమారు ఒకటిన్నర వోల్టు కిందనే ఆగిపోవడం దీనికి కారణం. ఎంసీపీ6002 వంటి రైల్-టు-రైల్ చిప్ వాడండి, లేదా ఎల్‌ఎం358కు 9 వోల్టుల సరఫరా ఇవ్వండి.

విడిగా డ్యాక్ చిప్ పెట్టినప్పుడు మెట్లు కనిపిస్తే

ఎంసీపీ4725 వంటి ఐ²సీ డ్యాక్ 12 బిట్లదే అయినా అడ్డంకి దానికి చేరే తీగల్లో ఉంది. చిరునామాతో కలిపి ఒక్కో విలువకు కనీసం 3 బైట్లు, ఒక్కో బైట్‌కు 9 క్లాక్ పల్స్‌లు పోతాయి. `Wire` లైబ్రరీ మామూలుగా నడిచే 100 కిలోహెర్ట్జ్ దగ్గర అది 270 మైక్రోసెకన్లు, అంటే 1 కిలోహెర్ట్జ్ తరంగంలో ఒక ఆవర్తనానికి నాలుగు విలువలు కూడా పడవు. `Wire.setClock(400000)` ఇస్తే ఆ సంఖ్య 14 దాకా పెరుగుతుంది, ఆపై మంచి ఫిల్టర్ ఉంటే పని నడుస్తుంది. 50 హెర్ట్జ్ తరంగానికైతే ఈ చిప్ హాయిగా సరిపోతుంది.